ఏడు ఫాంట్లు.. మూడు బార్డర్లు.. ముహూర్తం ఎక్కడ?

పెళ్లి కార్డు చేతికి రాగానే ‘అబ్బ, ఎంత గ్రాండ్‌గా ఉందో!’ అంటాం. మరుక్షణమే అటూ ఇటూ తిప్పి ‘ఇంతకీ పెళ్లి ఏ రోజు?’ అని పక్కవాళ్లను అడుగుతాం. ఆ ప్రశ్న వచ్చిందంటే కార్డు తన పని తాను చేయలేదన్నట్టే. డీటీపీ, గ్రాఫిక్ డిజైన్ నేర్చుకుంటున్నవాళ్లకు పెళ్లి కార్డును మించిన పాఠం లేదు. ఒక చిన్న కాగితంలో దేవుడి బొమ్మ, రెండు కుటుంబాల పరువు, పంచాంగం, ఫంక్షన్ హాల్ అడ్రసు.. అన్నీ ఇమడాలి. ఎక్కడ తప్పు జరుగుతుందో పట్టుకోవడం, దాన్ని ఎదుటివాళ్లు నొచ్చుకోకుండా చెప్పడం ఈ రంగంలో రోజూ పనికొచ్చే విద్య. అదెలాగో ఒక కార్డును ముందేసుకుని చూద్దాం.

ఇదీ మన కార్డు

సిద్దిపేట చుట్టుపక్కల ఏ ఇంట్లో వెతికినా ఇలాంటిది ఒకటైనా దొరుకుతుంది. పేర్లు మాత్రం మనం పెట్టుకున్నవే. సైజు 5 అంగుళాల వెడల్పు, 7 అంగుళాల ఎత్తు. పైన ‘శ్రీ కొమురవెల్లి మల్లికార్జునస్వామి ప్రసన్న’ అని నీడ పడే లావు అక్షరాలు. కింద ‘వివాహ మహోత్సవ ఆహ్వానం’ కుంచెతో రాసినట్టు. ‘ఆర్యా!’ అని మొదలయ్యే నాలుగు లైన్లు సన్నగా, పక్కకు వాలి ఉన్నాయి. ‘చి.ల.సౌ. జ్యోత్స్న’, ‘చి. కార్తీక్’ అన్న పేర్లకు తీగల్లా సాగిన తోకలు. ముహూర్తం మరో ఫాంటులో, అందులోని అంకెలు మెలికలు తిరిగి. వేదిక అడ్రసు డబ్బాల్లాంటి అక్షరాల్లో. ‘ఆహ్వానించువారు’ గుండ్రటి బొద్దు అక్షరాల్లో. లెక్కపెడితే ఏడు ఫాంట్లు.

ఇక బార్డర్లు. అంచున బంగారు ఫాయిల్ చట్రం, దాని లోపల పూల తీగ, ముహూర్తం చుట్టూ ఇంకో డబ్బా. నాలుగు మూలలా నెమళ్లు. పక్కన అరటి చెట్లు, కలశం, సన్నాయి, డోలు. ఒక్కొక్కటి విడిగా చూస్తే ఏదీ చెడ్డది కాదు. అన్నీ ఒకే కాగితం మీద అరుస్తుంటే మాత్రం ఒక్కటీ వినపడదు.

ముందు ఐదు సెకన్ల పరీక్ష

కార్డును చూసి ‘బాగాలేదు’ అనడం విమర్శ కాదు. అది అభిప్రాయం. విమర్శకు ఒక కొలత కావాలి. ఈ కార్డును సంబంధం లేని మనిషికి ఐదు సెకన్లు చూపించి తీసేయండి. ఎవరి పెళ్లి, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ అన్న నాలుగు సంగతుల్లో ఎన్ని చెప్పగలిగారో రాసుకోండి. ఇంట్లో 60 దాటిన పెద్దవాళ్లుంటే కళ్లద్దాలు లేకుండా ఒకసారి చూపించండి. కార్డులు ఎక్కువగా అందేది, పెళ్లిళ్లకు ముందుగా బయల్దేరేది వాళ్లే కదా.

రెండో పరీక్ష ఫోన్‌లో. ఇప్పుడు సగం పిలుపులు వాట్సాప్‌లోనే పోతున్నాయి. 5 అంగుళాల వెడల్పున్న కార్డు మామూలు ఫోన్ తెర మీద దాదాపు 2.7 అంగుళాలకు కుదించుకుపోతుంది. అంటే కాగితం మీద 12 పాయింట్లున్న అక్షరం ఫోన్‌లో ఆరున్నర పాయింట్లకు దిగుతుంది. పైగా పంపేటప్పుడు వాట్సాప్ బొమ్మ నాణ్యతను కొంత తగ్గిస్తుంది. సన్న గీతల అలంకార ఫాంటు అక్కడ మసకబారుతుంది. వేలితో పెద్దది చేసి చూడాల్సి వస్తే కార్డు ఫెయిలైనట్టే.

మన కార్డు ఈ రెండు పరీక్షల్లోనూ తప్పుతుంది. నెమళ్లు గుర్తుంటాయి, ముహూర్తం గుర్తుండదు. ఎందుకో ఇప్పుడు వెతుకుదాం.

బార్డరు తిన్నంత.. అక్షరానికి ఆకలి

చాలామంది ఫాంటు దగ్గర మొదలుపెడతారు. ముందు చూడాల్సింది బార్డరు. ఎందుకంటే మిగతా గొడవంతా అక్కడి నుంచే మొదలవుతుంది. టేపు పెట్టి కొలవండి. మన కార్డులో ఫాయిల్ చట్రం ఒక్కో వైపు 0.6 అంగుళం, పూల తీగ ఇంకో 0.25 అంగుళం తీసుకున్నాయి. రెండు వైపులా కలిపితే 1.7 అంగుళాలు. ఇక రాతకు మిగిలింది 3.3 అంగుళాల వెడల్పు, 5.3 అంగుళాల ఎత్తు. కార్డు మొత్తం 35 చదరపు అంగుళాలైతే అందులో రాతకు దక్కింది పదిహేడున్నర. డబ్బులు పెట్టిన కాగితంలో సగం అంచులకే పోయింది.

ఇప్పుడు లైన్ల లెక్క. ఒక అంగుళానికి 72 పాయింట్లు. 5.3 అంగుళాలంటే సుమారు 381 పాయింట్లు. అందులో వినాయకుడి బొమ్మకు అంగుళం తీసేస్తే 309. ఈ జాగలో 24 లైన్లు పట్టాలి. ఒక్కో లైనుకు దొరికేది 13 పాయింట్ల లోపే. ఇంగ్లిష్ అయితే అక్షరం సైజుకు ఐదో వంతు కలిపి లైను ఎత్తు పెడితే సరిపోతుంది. తెలుగుకు అది చాలదు. మన అక్షరానికి పైన తలకట్టు, గుడి ఉంటాయి, కింద వత్తులు వేలాడతాయి. సగం వంతైనా కలపాలి. అలా పెడితే 13 పాయింట్ల లైనులో కూర్చునేది ఎనిమిదిన్నర పాయింట్ల అక్షరమే.

అంత చిన్నగా వేస్తే ఎవరూ ఒప్పుకోరు. అప్పుడు డీటీపీ చేసేవాళ్లు అక్షరం సైజు పెంచి, లైన్ల మధ్య సందు తగ్గిస్తారు. పై లైనులోని వత్తు వచ్చి కింది లైనులోని గుడి మీద కూర్చుంటుంది. చదివేవాళ్లకు ఏదో ఇరుకుగా ఉందని అనిపిస్తుంది గానీ కారణం తెలియదు. ఫాంటు బాగాలేదనుకుంటారు. అసలు దోషం బార్డరుది. ఈ గొలుసును పట్టుకుంటే మీ విమర్శకు బలం వస్తుంది.

అంచు దగ్గర ఇంకో రెండు చిక్కులున్నాయి. కట్టల కొద్దీ కార్డులు కత్తిరించేటప్పుడు ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ జరగడం మామూలే. బార్డరు గీత మరీ అంచునే ఉంటే ఒక వైపు లావుగా, ఒక వైపు సన్నగా కనిపించి కార్డంతా వంకరగా ఉన్నట్టు తోస్తుంది. అందుకే గీత కనీసం 5 మిల్లీమీటర్లు లోపలికి ఉండాలి. రెండోది, మన దగ్గర కార్డు మూలలకు పసుపు పెట్టి పంచుతారు. అక్కడ లామినేషన్, ఫాయిల్ నెమలి ఉంటే పసుపు పట్టదు. ఎండగానే పెచ్చులుగా రాలిపోతుంది. మూలల్లో కాస్త ఖాళీ ఉంచితే పసుపే అక్కడ అలంకారమవుతుంది.

వత్తు పోతే పేరు పోతుంది

ఇప్పుడు ఫాంట్ల సంగతి. తెలుగులో అలంకార ఫాంటు ఇంగ్లిష్‌లో కన్నా ప్రమాదకరం. మన అక్షరాల మధ్య తేడాలు చాలా చిన్నవి. ద, ధ, థ మధ్య తేడా ఒక చిన్న గీత, ఒక చుక్క. ప, వ మధ్య తేడా తలకట్టు అతుక్కుందా లేదా అన్నదే. అక్షరాన్ని మెలికలు తిప్పే ఫాంటు ముందుగా చెరిపేసేది ఈ చిన్న గుర్తుల్నే.

పెళ్లికూతురి పేరు ‘జ్యోత్స్న’ తీసుకోండి. ‘త’ కింద ‘స’ వత్తు, ‘న’ వత్తు రెండూ రావాలి. చాలా అలంకార ఫాంట్లు ఒక వత్తును దృష్టిలో పెట్టుకుని గీసినవి. రెండోది వచ్చేసరికి మొదటిదాని మీదే పడుతుంది. తోకల ఫాంటులో అది నల్లటి మచ్చలా మిగులుతుంది. ఆ మచ్చను బంగారు ఫాయిల్‌తో కొడితే సందులు పూర్తిగా పూడుకుపోతాయి. జీవితంలో ఒక్కసారి అచ్చయ్యే పెళ్లి కార్డులో ఆ అమ్మాయి పేరే చదవలేని స్థితి! అందుకే ఫాంటు ఎంచుకునే ముందు ఒక పని చేయండి. ఆ కార్డులో ఉన్న అన్నిటికన్నా కష్టమైన పేర్లను ముందు కొట్టి చూడండి. జ్యోత్స్న, లక్ష్మి, రాజ్యలక్ష్మి, కృష్ణమూర్తి సరిగ్గా వస్తే మిగతావి ఎలాగూ వస్తాయి. ‘శుభలేఖ’ అన్న మాట ఏ ఫాంటులోనైనా బాగుంటుంది. దాన్ని చూసి మోసపోవద్దు.

ఇంకో చిక్కు ప్రెస్సుల్లో రోజూ ఎదురయ్యేదే. చాలాచోట్ల ఇప్పటికీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతోనే పని నడుస్తోంది. కస్టమర్ పంపే మ్యాటర్ మాత్రం ఫోన్‌లో కొట్టిన యూనికోడ్. రెండింటి కోడ్ వేరు. అను మ్యాటర్‌కు యూనికోడ్ ఫాంటు పెడితే అర్థంకాని ఇంగ్లిష్ గుర్తులు వస్తాయి. కాబట్టి కన్వర్టర్ వాడతారు, లేదంటే మళ్లీ టైపు చేస్తారు. తప్పులు దూరేది అక్కడే. ఒకే కార్డులో ఏడు ఫాంట్లుంటే, అందులో కొన్ని అను, కొన్ని యూనికోడ్ అయితే ప్రూఫ్‌లో దిద్దిన తప్పు ఇంకోచోట మళ్లీ పుట్టడం ఖాయం. ఫాంట్లు తగ్గించడం అందం కోసమే కాదు, తప్పులు తగ్గించడానికి కూడా.

మంచి ఫాంట్ల కోసం డబ్బు పెట్టక్కర్లేదు. సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి, రామభద్ర, సూరన్న, సురవరం లాంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. అచ్చు పనికీ వాడుకోవచ్చు. ‘సురవరం’ అన్నది గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి పేరు మీద వచ్చిందే. లావుగా ఉండే రామభద్ర పెద్ద అక్షరాలకు పనికొస్తుంది. గీత మందం సమంగా ఉండే మండలి చిన్న అక్షరాల్లోనూ తేటగా కనపడుతుంది. పెళ్లి కార్డుకు ఇలాంటి రెండు ఫాంట్లు చాలు. ఒకటి పేర్లకు, ఒకటి మిగతా అంతటికీ. తేడా చూపించాలంటే సైజు పెంచండి, లావు చేయండి, రంగు మార్చండి. ఫాంటు మార్చడం ఆఖరి దారి.

‘తెల్లవారితే శుక్రవారం’

ఇక అసలు ప్రమాదం ఇక్కడుంది. మన కార్డులో ముహూర్తం ఇలా ఉంది: ‘గురువారం రాత్రి 12.48 ని.లకు (తెల్లవారితే శుక్రవారం)’. పంచాంగం ప్రకారం రోజు సూర్యోదయంతో మారుతుంది. కాబట్టి అర్ధరాత్రి దాటినా అది గురువారమే. గోడ మీది క్యాలెండర్‌కు, ఫోన్‌కు మాత్రం 12 దాటితే శుక్రవారం. ఈ తికమక పోగొట్టడానికే పెద్దలు ‘తెల్లవారితే’ అన్న మాటను పెట్టారు. అచ్చం ఆ మాటనే మన కార్డు అన్నిటికన్నా సన్నగా, అన్నిటికన్నా చిన్నగా, డబ్బా బార్డరు గీతకు ఆనించి వేసింది.

చూసినవాళ్లకు ఏం కనిపిస్తుంది? పెద్దగా ఉన్న తేదీ, దాని పక్కన 12.48. ఎవరో ఒకరు అది మధ్యాహ్నం అనుకుంటారు. ఇంకొకరు శుక్రవారం రాత్రి వస్తారు. మెలికల అంకెల్లో 48 కాస్తా 43 అయినా ఆశ్చర్యం లేదు. దూరం నుంచి బస్సెక్కి, లేదా రైలు దిగి వచ్చిన చుట్టం తాళం వేసిన ఫంక్షన్ హాల్ ముందు నిలబడితే దానికి కారణం ఒక ఫాంటు. విమర్శ చేసేటప్పుడు మొదట చెప్పాల్సిన మాట ఇదే. నెమలి గురించి తర్వాత మాట్లాడుకోవచ్చు.

దిద్దుబాటు కష్టమేం కాదు. డబ్బా తీసేయండి. ‘గురువారం రాత్రి’ అన్న రెండు మాటల్ని అంకెల సైజులోనే వేయండి. ‘తెల్లవారితే శుక్రవారం’ను బ్రాకెట్లో దాచకుండా విడి లైనుగా, మిగతా రాత కన్నా తగ్గకుండా పెట్టండి. పైనా కిందా ఒక లైనంత ఖాళీ వదిలితే చాలు. డబ్బా లేకుండానే కన్ను అక్కడికి పోతుంది.

అంచు ఎందుకో మన జిల్లాయే చెప్తుంది

బార్డరంటే చెడ్డదని కాదు. దానికి ఒక పని ఉండాలి. మన చేర్యాల నకాశీ పటం చూడండి. పొడవాటి గుడ్డ మీద కథంతా గీస్తారు. బొమ్మల వరసల మధ్య పూల అంచు వస్తుంది. ఒక ఘట్టం అయిపోయింది, ఇంకోటి మొదలైందని అది చెప్తుంది. కథ చెప్పేవాళ్లకు అదొక గుర్తు. అంటే అక్కడ అంచు విడదీసే పని చేస్తోంది. మన సిద్దిపేట గొల్లభామ చీర ఇంకో పాఠం. చల్లకుండ మోసే గొల్లభామ బొమ్మ అంచు మీద వరసగా నడుస్తుంది. చీర ఒళ్లు సాదాగా ఉంటుంది కాబట్టే ఆ బొమ్మ కనిపిస్తుంది. ఒళ్లంతా బొమ్మలు నింపితే గొల్లభామ గుంపులో తప్పిపోతుంది.

కార్డు మీద ప్రతి బార్డరునూ ఇదే ప్రశ్న అడగండి: ‘నువ్వు దేన్ని దేంతో విడదీస్తున్నవ్?’ జవాబు లేకపోతే తీసేయొచ్చు.

లెక్క మళ్లీ వేద్దాం. ఒకే ఒక సన్న బార్డరు, అంచు నుంచి మార్జిన్ అన్నీ కలిపి 0.4 అంగుళం. రాతకు 4.2 అంగుళాల వెడల్పు, 6.2 అంగుళాల ఎత్తు దొరికింది. అంటే 26 చదరపు అంగుళాలు. వినాయకుడిని 0.6 అంగుళానికి తగ్గిస్తే మిగిలిన ఎత్తు సుమారు 403 పాయింట్లు. రెండుసార్లు చెప్పిన మాటలు, ఎవరూ చదవని వర్ణనలు తీసేస్తే 24 లైన్లు 19 అవుతాయి. ఒక్కో లైనుకు 21 పాయింట్లు. సగటున 14 పాయింట్ల అక్షరం హాయిగా కూర్చుంటుంది. ఎనిమిదిన్నర నుంచి పద్నాలుగు! కాగితం మారలేదు, ఖర్చు పెరగలేదు. ఫాయిల్ తగ్గింది కాబట్టి ఖర్చు కాస్త తగ్గే అవకాశమూ ఉంది.

మాట ఎలా చెప్పాలి?

ఇదంతా తెలిసినా కస్టమర్ ముందు నోరు పెగలదు. ఎందుకంటే ఎదురుగా ఉన్నది డిజైన్ కాదు, బిడ్డ పెళ్లి. ‘ఇంత పైస పెడుతున్నం, జాగ గిట్ల ఖాళీగ ఉంటే మంది ఏమనుకుంటరు? ఏదన్న పువ్వు పెట్టు తమ్మీ’ అని ఆ తండ్రి అంటాడు. అది అజ్ఞానం కాదు. కార్డు కళకళలాడాలన్న కోరిక. ‘ఇది ఓల్డ్ టేస్ట్ అంకుల్’ అన్నారంటే పని చెడినట్టే.

మూడు ముక్కల్లో చెప్పండి. ఏం కనిపిస్తోంది, దాని వల్ల ఏం నష్టం, ఏం మారుద్దాం. ఉదాహరణకు: ‘కాకా, ముహూర్తం చుట్టు డబ్బ ఉంది. దానివల్ల తెల్లవారితే శుక్రవారం అన్నది సన్నగ పడ్డది. చుట్టాలు దినం తప్పుతరు. డబ్బ తీసి అక్షరం పెద్దగ చేస్త, ఒకసారి చూడు.’ ఇందులో ఆయన టేస్టును తప్పుపట్టింది లేదు. చుట్టాలు రావాలన్నది ఆయన కోరికే. మీరు దాని వైపే నిలబడ్డారు.

ఇంకో మాట తప్పకుండా పనిచేస్తుంది. ‘ఆహ్వానించువారు’ కింద పెద్దనాయన పేరు బొద్దుగా, చిన్నాయన పేరు వేరే సన్న ఫాంటులో పడితే అది డిజైన్ సమస్యగా ఉండిపోదు. ‘నా పేరు చిన్నగ ఏసిన్రు’ అన్న అలక పెళ్లి పందిరి దాకా వస్తుంది. వరస ఒకటే అయిన వాళ్లందరి పేర్లు ఒకే ఫాంటు, ఒకే సైజులో ఉంటే ఎవరికీ మాట రాదని చెప్పండి. ఇంటి పెద్ద వెంటనే ఒప్పుకుంటాడు.

చివరిగా, మాటలతో తేలకపోతే ప్రూఫ్‌లతో తేల్చండి. పాత డిజైన్, మార్చిన డిజైన్ రెండూ అసలు సైజులోనే ప్రింట్ తీసి పక్కపక్కన పెట్టండి. తెర మీద చూపిస్తే పెద్దగా కనిపించి అంతా బాగున్నట్టే ఉంటుంది. కాగితం అబద్ధం చెప్పదు. రెండింటినీ ఆయన ఫోన్‌కు కూడా పంపి, ఇంట్లో అమ్మకో, నానమ్మకో చూపించమనండి. ఆయన అప్పటికీ నెమలి కావాలంటే ఒక నెమలి పెట్టండి. దేవుడి పేరు పక్కనో, కవరు మీదో దానికి చోటు దొరుకుతుంది. ముహూర్తం దగ్గర మాత్రం వెనక్కి తగ్గొద్దు.

ఈ వారం ఇలా చేయండి

ఇంట్లో పాత పెళ్లి కార్డులు మూడు తీయండి. ఒక్కోదానిలో ఫాంట్లు లెక్కపెట్టండి, బార్డర్లు కొలిచి రాతకు ఎన్ని చదరపు అంగుళాలు మిగిలాయో రాయండి. ఐదు సెకన్ల పరీక్షలో వచ్చిన జవాబులు పక్కన పెట్టండి. వాటిలో ఒకదాన్ని రెండు ఫాంట్లు, ఒక్క బార్డరుతో మళ్లీ కట్టండి. పేర్లు, ఫోన్ నంబర్లు మార్చడం మరవొద్దు. ముందుది, తర్వాతది, మధ్యలో మీ లెక్క.. ఈ మూడూ ఒక పేజీలో పెడితే అది మీ పోర్ట్‌ఫోలియోలో మొదటి పేజీ అవుతుంది. ప్రెస్సు ఓనరైనా, హైదరాబాద్ ఛత్తా బజార్‌లో కార్డుల షాపు నడిపేవాళ్లయినా, డిజైన్ స్టూడియోలో ఇంటర్వ్యూ చేసేవాళ్లయినా చూసేది ఒక్కటే. మీరు ఎన్ని ఫాంట్లు వాడగలరన్నది కాదు, ఏది ఎందుకు తీసేశారో చెప్పగలరా అన్నది.